గడుల వెతుకులాటా, యాదృచ్ఛిక ఎంపికా? హైపర్‌పారామీటర్ల అన్వేషణకు క్షేత్ర ప్రయోగాల పాఠాలు

ఆకుల ఛాయాచిత్రాలను చూసి తెగులును గుర్తించే కంప్యూటర్ మోడళ్లపై వచ్చే పరిశోధన వ్యాసాల్లో చివరకు ఒక పట్టిక ఉంటుంది. అందులో ఒక మోడల్‌కు 91 శాతం, మరో మోడల్‌కు 88.5 శాతం కచ్చితత్వం వచ్చినట్లు కనిపిస్తుంది. మొదటిదే మేలైనదని పాఠకుడు నిర్ణయించుకుంటాడు. కానీ ఆ పట్టిక చెప్పని విషయం ఒకటి ఉంది. మొదటి మోడల్‌ను ఎన్నిసార్లు మార్చి మార్చి పరీక్షించారు, రెండవదాన్ని ఎన్నిసార్లు పరీక్షించారు అన్నది అందులో ఉండదు. ఒక వరి రకానికి సిఫార్సు చేసిన ఎరువులన్నీ వేసి, పక్క రకాన్ని ఎరువు లేకుండా వదిలి, రెండింటి దిగుబడులను పోలిస్తే ఏ శాస్త్రవేత్తా అంగీకరించడు. మోడళ్ల విషయంలో అలాంటి పోలికే ఎవరి దృష్టికీ రాకుండా జరిగిపోతుంది.

దీనికి మూలం హైపర్‌పారామీటర్లు. మోడల్ తన గుణకాలను చిత్రాల నుండి స్వయంగా నేర్చుకుంటుంది. ఆ నేర్చుకునే తీరును నిర్ణయించే కొన్ని విలువలను మాత్రం శిక్షణకు ముందే పరిశోధకుడు ఎంచుకోవాలి. వీటినే హైపర్‌పారామీటర్లు అంటారు. వాటిని వెతికే రెండు పద్ధతులు, వెతికిన ప్రతి ప్రయత్నాన్నీ నమోదు చేసే తీరు, ఆ నమోదు ఆధారంగా న్యాయమైన పోలిక చేసే విధానం ఈ వ్యాసంలోని విషయాలు.

పరిశీలనకు ఒక ఉదాహరణ

చర్చకు వీలుగా ఒక ఊహాత్మక పరిశోధనను తీసుకోవచ్చు. వేరుశనగలో ముందుగా వచ్చే ఆకుమచ్చ, ఆలస్యంగా వచ్చే ఆకుమచ్చ, తుప్పు తెగులు, ఆరోగ్యకరమైన ఆకు అనే నాలుగు తరగతులను వేరుచేసే మోడల్ కావాలి. 120 పొలాల్లో ఒక్కో పొలం నుండి 20 చొప్పున 2,400 చిత్రాలు సేకరించారు. వీటిలో 80 పొలాల చిత్రాలు శిక్షణకు, 20 పొలాలవి హైపర్‌పారామీటర్లను ఎంచుకునే ధ్రువీకరణకు, మిగిలిన 20 పొలాలవి తుది పరీక్షకు కేటాయించారు. అంటే ధ్రువీకరణకు 400 చిత్రాలు, పరీక్షకు 400 చిత్రాలు ఉంటాయి. ఇక్కడ వాడిన అంకెలన్నీ లెక్కను వివరించడానికి ఊహించినవే.

ఎంచుకోవలసిన హైపర్‌పారామీటర్లు నాలుగు. ప్రతి అడుగులో గుణకాలను ఎంతమేరకు సవరించాలో చెప్పేది లెర్నింగ్ రేట్. గుణకాలు మరీ పెద్దవి కాకుండా అదుపు చేసేది వెయిట్ డికే. శిక్షణ వేళ మోడల్‌లోని కొంత భాగాన్ని యాదృచ్ఛికంగా పక్కన పెట్టే నిష్పత్తి డ్రాపౌట్. ఒక్కో విడతలో చూపే చిత్రాల సంఖ్య బ్యాచ్ సైజు. ఈ నాలుగింటికీ విలువలు ఇచ్చి మోడల్‌ను ఒకసారి పూర్తిగా శిక్షణ ఇవ్వడాన్ని ఒక రన్ అందాం. ఒక్కో రన్‌కు 40 నిమిషాలు పడుతుందని అనుకోవచ్చు.

గ్రిడ్ అన్వేషణ: పరిచితమైన ఫ్యాక్టోరియల్ ప్రయోగం

గ్రిడ్ అన్వేషణలో ప్రతి హైపర్‌పారామీటర్‌కూ కొన్ని విలువలను ముందే నిర్ణయించి, వాటి కలయికలన్నింటినీ పరీక్షిస్తారు. నత్రజని మూడు మోతాదులు, భాస్వరం మూడు మోతాదులు తీసుకుని తొమ్మిది ట్రీట్‌మెంట్లు వేసే ఫ్యాక్టోరియల్ ప్రయోగానికి ఇది అచ్చమైన ప్రతిరూపం. నాలుగు హైపర్‌పారామీటర్లకు మూడేసి విలువలు తీసుకుంటే 81 రన్‌లు అవుతాయి. ఒకే యంత్రం మీద 54 గంటల పని ఇది. ఐదవ హైపర్‌పారామీటర్‌ను చేర్చితే 243 రన్‌లు, 162 గంటలు అవుతాయి.

వ్యవసాయ శాస్త్రవేత్తలకు ఈ పద్ధతి సహజంగా నచ్చుతుంది. ఇంగ్లండ్‌లోని రోథమ్‌స్టెడ్ ప్రయోగ క్షేత్రంలో 1919లో చేరిన రోనాల్డ్ ఫిషర్, ఒక్కో కారకాన్ని విడిగా పరీక్షించడం కంటే అనేక కారకాలను ఒకే ప్రయోగంలో కలిపి పరీక్షించడం మేలని 1926 నాటి తన వ్యాసంలో వాదించాడు. అక్కడే పనిచేసిన ఫ్రాంక్ యేట్స్ 1937లో ఫ్యాక్టోరియల్ ప్రయోగాల విశ్లేషణను క్రమబద్ధం చేశాడు. ఈ పద్ధతి బలం గుప్త పునరావృతిలో ఉంది. మూడు నత్రజని మోతాదులు, మూడు భాస్వరం మోతాదులు ఉన్న ప్రయోగంలో ఒక్కో నత్రజని మోతాదు మూడు మడుల్లో కనిపిస్తుంది. భాస్వరం ప్రభావం తక్కువైతే ఆ మూడు మడులూ నత్రజనికి అదనపు రెప్లికేషన్లుగా పనికివస్తాయి. నేల సారంలోని హెచ్చుతగ్గులు ఆ సగటులో సర్దుకుంటాయి.

ఇక్కడే క్షేత్రానికీ కంప్యూటర్‌కూ దారులు వేరవుతాయి. క్షేత్ర ప్రయోగం అడిగే ప్రశ్న ప్రతి కారకం సగటు ప్రభావం ఎంత అన్నది. హైపర్‌పారామీటర్ల అన్వేషణ అడిగే ప్రశ్న మంచి విలువ ఎక్కడ ఉంది అన్నది. పైన చెప్పిన 81 రన్‌లలో లెర్నింగ్ రేట్‌కు మూడే విలువలు ఉన్నాయి, ఒక్కోటి 27 సార్లు పరీక్షకు వస్తుంది. వెయిట్ డికే, డ్రాపౌట్, బ్యాచ్ సైజు ఫలితాన్ని పెద్దగా మార్చకపోతే, ఆ 27 రన్‌లు దాదాపు ఒకే జవాబును మళ్లీ మళ్లీ చెబుతాయి. పొలంలో వరమైన గుప్త పునరావృతి ఇక్కడ వృథా అవుతుంది. 54 గంటలు ఖర్చయినా లెర్నింగ్ రేట్ గురించి తెలిసేది మూడు బిందువుల దగ్గర మాత్రమే.

యాదృచ్ఛిక అన్వేషణ ఎందుకు గెలుస్తుంది?

ఈ విషయాన్ని స్పష్టంగా నిరూపించినవారు మాంట్రియల్ విశ్వవిద్యాలయానికి చెందిన జేమ్స్ బెర్గ్‌స్ట్రా, యోషువా బెంజియో. జర్నల్ ఆఫ్ మెషీన్ లెర్నింగ్ రీసెర్చ్‌లో 2012లో ప్రచురించిన వ్యాసంలో వారు ఒక సరళమైన చిత్రాన్ని చూపారు. రెండు హైపర్‌పారామీటర్లలో ఒకటే ముఖ్యమైనది అనుకుంటే, తొమ్మిది రన్‌ల గ్రిడ్ ఆ ముఖ్యమైనదానికి మూడు విభిన్న విలువలనే పరీక్షిస్తుంది. అవే తొమ్మిది రన్‌లలో రెండింటి విలువలనూ యాదృచ్ఛికంగా తీసుకుంటే, ముఖ్యమైనదానికి తొమ్మిది విభిన్న విలువలు పరీక్షకు వస్తాయి. ఏది ముఖ్యమో ముందే తెలియనవసరం లేదు. ఏది ముఖ్యమైనా ఈ లాభం దక్కుతుంది.

వారి వ్యాసంలో మరో పరిశీలన కూడా ఉంది. చాలా దత్తాంశ సమితులకు కొద్ది హైపర్‌పారామీటర్లే నిజంగా ముఖ్యం, కానీ ఏవి ముఖ్యమన్నది సమితిని బట్టి మారుతుంది. అంటే టమాటా ఆకులపై పనిచేసినప్పుడు అప్రధానమని తేలిన హైపర్‌పారామీటర్‌ను వేరుశనగలోనూ అప్రధానమని కొట్టివేయడానికి వీల్లేదు. కొత్త సమితికి మంచి గ్రిడ్ గీయడం కష్టం కావడానికి కారణం ఇదే.

యాదృచ్ఛిక అన్వేషణకు ఎన్ని రన్‌లు అవసరమో అంచనా వేయడానికి ఒక చిన్న లెక్క ఉంది. సాధ్యమైన కలయికలన్నింటిలో అత్యుత్తమమైన 5 శాతం కలయికల్లో ఏదో ఒకటి దొరికితే చాలనుకుంటే, ఒక రన్ వాటిని తప్పిపోయే అవకాశం 0.95. అరవై రన్‌లూ తప్పిపోయే అవకాశం 0.95ను అరవైసార్లు గుణిస్తే వచ్చే 0.046. అంటే 60 రన్‌లలో కనీసం ఒకటి ఆ మేలైన 5 శాతంలో పడే అవకాశం 95 శాతం దాటుతుంది. హైపర్‌పారామీటర్లు నాలుగైనా ఎనిమిదైనా ఈ లెక్క మారదు. గ్రిడ్‌లో మాత్రం ప్రతి కొత్త హైపర్‌పారామీటర్ రన్‌ల సంఖ్యను మూడు రెట్లు చేస్తుంది. అయితే ఈ లెక్క హామీ ఇచ్చేది మేలైన 5 శాతంలో ఒకదాన్ని మాత్రమే, అన్నిటికంటే ఉత్తమమైనదాన్ని కాదు. ఎంచుకున్న పరిధిలోనే మంచి విలువలు లేకపోతే ఎన్ని రన్‌లు చేసినా ప్రయోజనం ఉండదు.

కొలమానం తప్పితే పద్ధతి మారినా ఫలం లేదు

వేరుశనగ ఉదాహరణలో లెర్నింగ్ రేట్ పరిధిని 0.00001 నుండి 0.1 వరకు తీసుకున్నారని, నిజంగా బాగా పనిచేసే ప్రాంతం 0.0002, 0.0006 మధ్య ఉందని అనుకోవచ్చు. పరిశోధకుడికి ఈ సంగతి ముందుగా తెలియదు. మూడు విలువల గ్రిడ్ 0.00001, 0.001, 0.1 దగ్గర ఆగుతుంది. 81 రన్‌లలో ఒక్కటి కూడా మంచి ప్రాంతంలో పడదు.

యాదృచ్ఛికంగా తీసుకునేటప్పుడు సాధారణ సమకొలమానం వాడితే పరిస్థితి ఇంకా విషమిస్తుంది. ఆ పరిధిలోని విలువల్లో 90 శాతం 0.01 కంటే పెద్దవే. మంచి ప్రాంతం వెడల్పు మొత్తంలో 0.4 శాతమే కాబట్టి, 60 రన్‌లు చేసినా అందులో ఒక్కటి పడటం కూడా అనుమానమే. అందుకే ఇటువంటి హైపర్‌పారామీటర్లకు లఘుగణక కొలమానం, అంటే లాగ్ కొలమానం వాడాలి. ఇందులో 0.0001 నుండి 0.001 వరకు ఉన్న దూరం, 0.01 నుండి 0.1 వరకు ఉన్న దూరంతో సమానం. పరిధి మొత్తం ఇలాంటి నాలుగు పదింతల అంతరాలు. మంచి ప్రాంతం వాటిలో సుమారు 12 శాతాన్ని ఆక్రమిస్తుంది. అప్పుడు 60 రన్‌లలో సగటున ఏడు అందులో పడతాయి.

పైథాన్ భాషలో ఈ ఎంపికను కొద్ది పంక్తుల్లో రాయవచ్చు:

```python
from scipy.stats import loguniform, uniform
from sklearn.model_selection import ParameterSampler

space = {
    "lr": loguniform(1e-5, 1e-1),
    "weight_decay": loguniform(1e-6, 1e-2),
    "dropout": uniform(0.0, 0.5),
    "batch_size": [16, 32, 64],
}
trials = list(ParameterSampler(space, n_iter=60,
                               random_state=2024))
```

ఇందులో `random_state` యాదృచ్ఛిక సంఖ్యల క్రమానికి ఆరంభ సంఖ్య. కంప్యూటర్ పరిభాషలో దీన్ని సీడ్ అంటారు. విత్తనంతో దీనికి సంబంధం పేరులోనే. అదే సీడ్ ఇస్తే అవే 60 కలయికలు మళ్లీ వస్తాయి. శిక్షణ మొదలుకాక ముందే ఈ 60 కలయికలనూ ఒక ఫైలులో భద్రపరచడం మంచిది. మడులకు ట్రీట్‌మెంట్లను చీటీలు తీసి కేటాయించి, విత్తడానికి ముందే పటం గీసుకోవడం వంటిదే ఇది. ఫలితాలు చూశాక నచ్చని కలయికలను తప్పించే అవకాశం అప్పుడు ఉండదు.

పరిధి సరిపోయిందో లేదో రన్‌లు ముగిశాక తెలుసుకోవచ్చు. మేలైన ఐదారు రన్‌లు లెర్నింగ్ రేట్ పరిధి అంచు దగ్గరే గుమికూడితే, మంచి ప్రాంతం బయట కూడా ఉండవచ్చని అర్థం. అప్పుడు పరిధిని ఆ వైపు పెంచి మరికొన్ని రన్‌లు చేయాలి. పెంచిన సంగతిని నమోదు చేయాలి.

రన్‌ల నమోదు పుస్తకం

క్షేత్ర ప్రయోగంలో విత్తిన తేదీ, మడి సంఖ్య, వేసిన మోతాదు, చచ్చిపోయిన మొక్కల సంఖ్య అన్నీ నమోదు పుస్తకంలో ఉంటాయి. కంప్యూటర్ రన్‌లకు కూడా అలాంటి పుస్తకమే అవసరం. ఇందుకు `MLflow` వంటి ఉపకరణాలు ఉన్నాయి. కానీ ఒక్కో రన్‌కు ఒక్కో వరుస ఉండే సాధారణ పట్టిక కూడా చాలు. ముఖ్యమైనది ఉపకరణం కాదు, వరుసలో ఏమేమి ఉన్నాయన్నది.

```
run_id, date, commit, split_hash, model, seed,
lr, weight_decay, dropout, batch_size,
epochs, minutes, val_acc, status
```

వీటిలో నాలుగు గడులను సాధారణంగా వదిలేస్తారు. తరువాత పోలిక చెడేది కూడా ఆ నాలుగింటి దగ్గరే.

మొదటిది `commit`. ఇది రన్ జరిగిన క్షణంలో ప్రోగ్రామ్ ఏ రూపంలో ఉందో చెప్పే గుర్తు. `git rev-parse --short HEAD` అనే ఆదేశంతో ఇది దొరుకుతుంది. ఇరవయ్యవ రన్ తరువాత ఎవరైనా చిత్రాలను కత్తిరించే పద్ధతి మార్చితే, మొదటి ఇరవై రన్‌లూ తరువాతి నలభై రన్‌లూ వేర్వేరు ప్రయోగాలవుతాయి. ఈ గడి లేకపోతే ఆ మార్పు ఎప్పుడు జరిగిందో ఎవరికీ తెలియదు. మార్పులు చేసి `git`లో చేర్చకుండానే రన్ మొదలుపెడితే ఈ గుర్తు కూడా అబద్ధం చెబుతుంది కనుక, ముందు చేర్చి ఆ తరువాతే రన్ చేయాలి.

రెండవది `split_hash`. ఏ చిత్రం శిక్షణలో ఉంది, ఏది ధ్రువీకరణలో ఉంది అన్న జాబితాను ఒక ఫైలులో ఉంచి, `sha256sum split.csv` ఆదేశంతో దాని గుర్తును తీసుకోవాలి. జాబితాలో ఒక్క అక్షరం మారినా ఈ గుర్తు పూర్తిగా మారిపోతుంది. రెండు రన్‌ల గుర్తులు వేరైతే అవి వేర్వేరు బ్లాకుల్లో వేసిన మడుల వంటివి, వాటిని నేరుగా పోల్చడానికి వీల్లేదు.

ఈ విభజన ఎలా చేశారన్నది కూడా ముఖ్యమే. ఒకే పొలంలో తీసిన చిత్రాలు ఒకే వెలుతురును, ఒకే రకాన్ని, ఒకే నేల రంగును పంచుకుంటాయి. ఒకే ఆకుకు వేర్వేరు కోణాల్లో తీసిన చిత్రాలు ఇంకా దగ్గరి పోలికలు కలిగి ఉంటాయి. వాటిలో కొన్ని శిక్షణలోనూ మరికొన్ని ధ్రువీకరణలోనూ పడితే మోడల్ తెగులును కాక ఆ ఆకునే గుర్తుపడుతుంది. 14 పంటలకు చెందిన 54,306 చిత్రాలున్న ప్లాంట్‌విలేజ్ సమితిపై మోహంతి, హ్యూస్, సలాతే 2016లో ప్రచురించిన అధ్యయనంలో, ఒకే ఆకువని తెలిసిన చిత్రాలన్నీ ఒకే వైపు ఉండేలా జాగ్రత్త తీసుకున్నారు. అక్కడ అత్యధికంగా 99.35 శాతం కచ్చితత్వం వచ్చింది. వేరే పరిస్థితుల్లో తీసిన చిత్రాలను చూపినప్పుడు అది 31 శాతం వద్దకు పడిపోయిందని వారే రాశారు. అంటే ఆకుల స్థాయిలో విడదీయడం అవసరమే కానీ, కొత్త పొలాల్లో మోడల్ ఎలా పనిచేస్తుందో తెలియాలంటే అది సరిపోదు. వేరుశనగ ఉదాహరణలో విభజనను పొలాల వారీగా చేయడానికి కారణం ఇదే.

మూడవది `seed`. మోడల్ ఆరంభ గుణకాలు, చిత్రాలు చూపే వరుస దీనిపై ఆధారపడతాయి. నాలుగవది `status`. శిక్షణ మధ్యలో విలువలు అదుపు తప్పి ఆగిపోయిన రన్‌లను చాలామంది చెరిపేస్తారు. లెర్నింగ్ రేట్ ఎక్కువైనచోట మోడల్ విఫలమవుతుందన్న సమాచారం ఆ వరుసల్లోనే ఉంటుంది. పైగా చెరిపేసిన రన్‌లకు కూడా సమయం ఖర్చయింది. 60 రన్‌లు చేసి 14 చెరిపేసినవారు 46 రన్‌లు చేశామని రాస్తే ఆ లెక్క సరైనది కాదు.

న్యాయమైన పోలిక ఎలా ఉంటుంది?

ఇప్పుడు అసలు ప్రశ్నకు రావచ్చు. వేరుశనగ పరిశోధనలో రెండు మోడళ్లను పోల్చాలి. ఒకటి పెద్దదైన `ResNet-50`, రెండవది సెల్‌ఫోన్‌లో నడవగల చిన్నదైన `MobileNetV2`. పెద్ద మోడల్ గెలిస్తే చిత్రాలను సర్వర్‌కు పంపే ఏర్పాటు అవసరం కావచ్చు. చిన్నది సమానంగా పనిచేస్తే సిగ్నల్ లేని పొలంలో కూడా విస్తరణాధికారి ఫోన్‌లోనే ఫలితం చూడగలడు. కాబట్టి పట్టికలోని ఒకటి రెండు శాతాల మీద నిజమైన నిర్ణయం ఆధారపడి ఉంది.

మొదటి విడతలో పెద్ద మోడల్‌పై 60 రన్‌లు చేశారు. ధ్రువీకరణలో అత్యధికంగా 91.0 శాతం వచ్చింది. సమయం చాలక చిన్న మోడల్‌పై 8 రన్‌లతో సరిపెట్టారు, అత్యధికం 88.5 శాతం. తేడా 2.5 శాతం. ఇక్కడితో ఆపేస్తే పెద్ద మోడలే మేలని రాయాలి.

నమోదు పుస్తకం ఉన్నందువల్ల ఈ పోలికలోని లోపం బయటపడుతుంది. 400 చిత్రాలపై 90 శాతం దగ్గర వచ్చే కచ్చితత్వానికి ప్రామాణిక దోషం 1.5 శాతం. ఒకే పొలపు చిత్రాలు ఒకదానినొకటి పోలి ఉంటాయి కనుక నిజమైన దోషం ఇంకా ఎక్కువే. ఇలా ఊగిసలాడే కొలతలను 60 సార్లు తీసుకుని అత్యధికమైనదాన్ని ఏరుకుంటే, అది నిజమైన స్థాయి కంటే పైకి పోవడం సహజం. ఒకే సామర్థ్యమున్న 60 మోడళ్లను విడివిడి చిత్రాలపై కొలిస్తే, వాటిలో అత్యధిక కొలత సగటు కంటే సుమారు 2.3 ప్రామాణిక దోషాలు పైన ఉంటుంది. ఎనిమిదింటిలో అత్యధికమైనది 1.4 దోషాలే పైన ఉంటుంది. అన్నింటినీ అవే చిత్రాలపై కొలిచినప్పుడు ఈ ఉబ్బు తగ్గుతుంది కానీ మాయం కాదు. పైగా ఎక్కువ రన్‌లు చేసిన మోడల్‌కు నిజంగా మంచి హైపర్‌పారామీటర్లు దొరికే అవకాశం కూడా ఎక్కువ. రెండు కారణాలూ ఒకే వైపు మొగ్గుతాయి.

అందుకని రెండవ విడతలో చిన్న మోడల్‌కు కూడా 60 రన్‌లు ఇచ్చారు. విభజన ఫైలు అదే, హైపర్‌పారామీటర్ల పరిధులు అవే, శిక్షణ ఆపే నియమం అదే. అత్యధికం 90.75 శాతానికి చేరింది. ఆ తరువాత ఒక్కో మోడల్‌లో ఉత్తమంగా వచ్చిన కలయికను మార్చకుండా, ఐదు కొత్త సీడ్‌లతో మళ్లీ శిక్షణ ఇచ్చారు.

పెద్ద మోడల్: 88.0, 89.5, 87.5, 89.0, 88.5. సగటు 88.5.

చిన్న మోడల్: 89.25, 87.75, 88.5, 90.0, 88.0. సగటు 88.7.

సగటుల మధ్య తేడా 0.2 శాతం. ఈ పది సంఖ్యల నుండి లెక్కిస్తే ఆ తేడాకు ప్రామాణిక దోషం 0.54 శాతం. తేడా దాని దోషంలో సగం కూడా లేదు. మొదట కనిపించిన 2.5 శాతం ఆధిక్యం మోడల్‌ది కాదు, దానికి దక్కిన అదనపు ప్రయత్నాలదీ, అదృష్టవశాత్తు వచ్చిన ఒక సీడ్‌దీ. 91.0 అన్న అంకె అదే కలయికతో మళ్లీ ఒక్కసారి కూడా రాలేదన్నది ఇందుకు సాక్ష్యం.

ఈ ఐదు పునరావృతులు సీడ్ వల్ల వచ్చే ఊగిసలాటనే కొలుస్తాయి. ఆ 400 చిత్రాల ఎంపిక వల్ల వచ్చే పక్షపాతం అలాగే ఉంటుంది. దాన్ని చూడటానికే పక్కన పెట్టిన 20 పొలాల పరీక్ష సమితి ఉంది. అన్ని నిర్ణయాలూ ముగిశాక దాన్ని ఒకేసారి తెరవాలి. పరీక్ష ఫలితం చూసి హైపర్‌పారామీటర్లను మళ్లీ సవరిస్తే, ఆ క్షణం నుండి అది కూడా ధ్రువీకరణ సమితిగా మారిపోతుంది.

ఇది ఊహాత్మక ఉదాహరణకే పరిమితమైన సమస్య కాదు. గాబోర్ మెలిస్, క్రిస్ డయర్, ఫిల్ బ్లన్‌సమ్ 2018లో ఐసీఎల్ఆర్ సదస్సులో ప్రచురించిన వ్యాసంలో భాషా మోడళ్లను ఇదే కోణంలో పరిశీలించారు. హైపర్‌పారామీటర్లను జాగ్రత్తగా అన్వేషించినప్పుడు, పాతదైన ఎల్ఎస్‌టీఎమ్ మోడల్ దాన్ని మించినట్లు ప్రకటించిన కొత్త మోడళ్ల కంటే మెరుగైన ఫలితం ఇచ్చింది.

సమాన అవకాశం అంటే రన్‌ల సంఖ్య సమానమా, గంటలు సమానమా అన్న ప్రశ్న మిగులుతుంది. చిన్న మోడల్ సగం సమయంలోనే శిక్షణ పూర్తి చేస్తే, 40 గంటల్లో దానికి 120 రన్‌లు చేయవచ్చు. రెండు కొలమానాలూ సమర్థనీయమే. ఏది వాడాలో ప్రయోగానికి ముందే నిర్ణయించి, వ్యాసంలో రాయాలి. `minutes` గడి నింపి ఉంటే చదివేవారు రెండవ కొలమానంతో కూడా లెక్క సరిచూసుకోగలరు.

ఎప్పుడు ఏది?

గ్రిడ్ అన్వేషణకు కాలం చెల్లలేదు. హైపర్‌పారామీటర్లు ఒకటి రెండే ఉండి, రెండూ ముఖ్యమని తెలిసినప్పుడు గ్రిడ్ సరళమైనది. ఫలితాలను పటంగా గీస్తే వాటి పరస్పర ప్రభావం కంటికి కనిపిస్తుంది. కొద్దిపాటి దత్తాంశంపై నిమిషాల్లో శిక్షణ ముగిసే మోడళ్లకు వందల రన్‌లు భారం కాదు.

యాదృచ్ఛిక అన్వేషణకూ హద్దులున్నాయి. ముందరి రన్‌ల నుండి అది ఏమీ నేర్చుకోదు. మంచి ప్రాంతం మరీ ఇరుకైనప్పుడు, లేదా చాలా హైపర్‌పారామీటర్లు ఒకేసారి ముఖ్యమైనప్పుడు 60 రన్‌లు చాలవు. యాదృచ్ఛిక బిందువులు కొన్నిచోట్ల గుమికూడి, కొన్నిచోట్ల ఖాళీలు వదులుతాయి. ఒక్క రన్‌కే రోజులు పట్టేచోట, గత రన్‌లను చూసి తరువాతి కలయికను ఎంచుకునే బేసియన్ పద్ధతులు మేలు. అయితే ఆ పద్ధతి నిజంగా మేలు చేసిందని చెప్పాలన్నా, అంతే సంఖ్యలో చేసిన యాదృచ్ఛిక రన్‌లతోనే పోల్చాలి.

మోడళ్లను పోల్చే సిద్ధాంత వ్యాసాన్ని పరిశీలించేవారు పట్టికలోని శాతాల కంటే ముందు మూడు విషయాలు చూడాలి. ఒక్కో మోడల్‌కు విఫలమైనవాటితో సహా ఎన్ని రన్‌లు చేశారు, అన్ని రన్‌లలో విభజన గుర్తు ఒకటేనా, ఎంపికైన కలయికను ఎన్ని సీడ్‌లతో మళ్లీ పరీక్షించారు. ఈ మూడూ లేని పట్టిక, రెప్లికేషన్ల సంఖ్యా క్రిటికల్ డిఫరెన్స్ విలువా లేని దిగుబడి పట్టికతో సమానం. అందులోని అంకెలు నిజమే అయినా, వాటి ఆధారంగా ఒక మోడల్‌ను మరొకదాని కంటే మేలైనదిగా సిఫార్సు చేయడానికి వీలుండదు.